కథను స్త్రీవాద దృక్పథంతో చదివి సెమినార్ పత్రం రాయడం ఎలా? ‘దిద్దుబాటు’ కథ ఆధారంగా

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పీజీ చదివే విద్యార్థులు ప్రతి సెమిస్టర్‌లోనూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: “మేడమ్, కథ చదివినం, స్త్రీవాదం గురించి నోట్సు కూడ ఉన్నది, కని రెండింటినీ ఎట్ల కలపాలె?” వాళ్లు తెచ్చిన ముసాయిదాల్లో మొదటి నాలుగు పేజీలు స్త్రీవాద చరిత్ర, తర్వాతి మూడు పేజీలు కథాసారాంశం, చివరి అరపేజీలో “ఈ కథలో స్త్రీ అణచివేత కనిపిస్తుంది” అన్న వాక్యం ఉంటాయి. ఈ రెండు భాగాల మధ్య ఉండవలసిన పనిని ఒక్క కథ మీద చేసి చూపించడానికే దీన్ని రాస్తున్నాను. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ను ఎంచుకున్నాను, ఎందుకంటే అది నాలుగైదు పేజీల కథ, అందరికీ అందుబాటులో ఉంది, పైగా చాలామంది అది ఇదివరకే అర్థమైపోయిన కథ అనుకుంటారు.

కావలసినవి

కథ అచ్చుప్రతి జిరాక్సు ఒకటి కావాలి. ఫోన్‌లో చదివితే ఈ పని సాగదు. క్లాక్ టవర్ దగ్గర పది రూపాయలు పెట్టి, రెండువైపులా అంచు ఎక్కువ వదిలి తీయించుకోండి, ఆ అంచుల్లోనే మీ పత్రం పుడుతుంది. మూడు రంగుల పెన్నులు, ఒక తెల్ల కాగితం, సిద్ధాంతానికి సంబంధించి ఒకే ఒక్క వ్యాసం ఉంటే చాలు. ఈ కథ వేర్వేరు సంకలనాల్లో అక్కడక్కడ మాటల తేడాతో కనిపిస్తుంది కాబట్టి, మీరు ఏ సంకలనం చూశారో, ఏ సంవత్సరం ముద్రణో మొదటిరోజే జిరాక్సు మీద రాసి పెట్టుకోండి. మాటల మీద వాదన కట్టబోతున్నప్పుడు ఏ ప్రతిలోని మాటలో చెప్పకపోతే వాదన నిలవదు.

1. మొదటిసారి ఏ దృక్పథమూ లేకుండా చదవండి

కథలో జరిగింది ఏమిటో ఆరు వాక్యాల్లో, విశేషణాలు లేకుండా రాయండి. ‘దిద్దుబాటు’కు అది ఇలా ఉంటుంది. గోపాలరావు సానిదాని పాట విని రాత్రి ఒంటిగంటకు ఇంటికి వస్తాడు. భార్య కమలిని గదిలో కనిపించదు. నౌకరు రాముడిని పిలిచి అడుగుతాడు, కోపంలో కొడతాడు. కమలిని రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది, ఆమె పుట్టింటికి వెళుతున్నానని రాసింది. గోపాలరావు పశ్చాత్తాపపడి, ఆమెను బతిమాలి తీసుకురమ్మని రాముడికి మాటలు నేర్పుతాడు. అప్పుడు మంచం కింద నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి.

ఈ ఆరు వాక్యాలే మీ పత్రంలో కథాసారాంశం. ఇంతకు మించి రాయకండి, మీ గురువుకు కథ తెలుసు. ఇక్కడే ఇంకో తప్పు దొర్లుతుంది. ఇది తెలుగులో తొలి ఆధునిక కథా కాదా అన్న చర్చలోకి విద్యార్థి దిగిపోతాడు. భండారు అచ్చమాంబ 1902లోనే కథలు ప్రచురించారన్నది నిజం, ఆమె చిన్నతనం మన దేవరకొండలో గడిచిందన్నది మనకు దగ్గరి సంగతి కూడా, కానీ మీ ప్రశ్న ‘ఏది మొదటిది’ కానప్పుడు దానికి ఒక్క వాక్యం చాలు.

2. దృక్పథాన్ని ఒక్క ప్రశ్నగా మార్చండి

“స్త్రీవాద దృక్పథంతో పరిశీలన” అన్నది ప్రశ్న కాదు, అది అరలో పెట్టుకున్న పుస్తకం పేరులాంటిది. స్త్రీవాదం అడిగే ప్రశ్నలు చాలా ఉన్నాయి: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి శరీరం మీద ఏం జరుగుతోంది, ఎవరి శ్రమ కనబడకుండా పోయింది, ముగింపు వల్ల ఎవరికి ఏం దక్కింది. వీటిలో కథ తనంతట తాను ముందుకు తోసే ప్రశ్న ఏదో పట్టుకోవాలి. అందుకు తేలికైన మార్గం శీర్షికను అడగడం. దిద్దుబాటు అంటే ఎవరో ఎవరినో దిద్దారన్నమాట. ఎవరు దిద్దారు, దేనితో దిద్దారు, ఆ దిద్దుబాటు జరగడానికి ఎవరేం భరించారు? ఈ చివరి ముక్కే మన ప్రశ్న.

జాగ్రత్త: “గురజాడ స్త్రీవాదా?” అన్న ప్రశ్న పెట్టుకోకండి. అది రచయిత మీద తీర్పు, దానికి జవాబు కథలో దొరకదు. “ఈ కథ స్త్రీల పక్షమా, వ్యతిరేకమా?” అన్నదీ అలాంటిదే. అవును, కాదు అని ఒక్క మాటలో ముగిసే ప్రశ్న మీద పన్నెండు పేజీలు రాయలేరు.

3. తెల్ల కాగితం మీద నాలుగు గళ్ల పట్టిక గీయండి

కథలో ఉన్న ప్రతి మనిషికీ ఒక వరుస ఇవ్వండి. కనబడని మనిషికి కూడా ఇవ్వండి. మన కథకు నాలుగు వరుసలు వస్తాయి: గోపాలరావు, కమలిని, రాముడు, పాడిన సాని. గళ్లు ఇవి: నోటితో ఏం మాట్లాడారు, ఏం చేశారు, వాళ్ల మీద ఏం జరిగింది, కథ చెప్పే గొంతు వాళ్లకు ఏ విశేషణం వాడింది. ఇప్పుడు రెండోసారి కథ చదువుతూ ఒక్కో పెన్ను రంగుతో మాట, చేత, విశేషణం గుర్తు పెట్టి పట్టికలోకి ఎక్కించండి. ఇది గంట, గంటన్నర పడుతుంది. దాటవేయాలనిపిస్తుంది, కానీ ఈ పట్టిక లేకుండా రాసిన పత్రాల్లో అందరూ ఒకే సంగతి రాస్తారు.

పట్టిక నిండాక ఖాళీ గళ్లను చూడండి. కమలిని వరుసలో ‘నోటితో మాట్లాడింది’ గడి ఖాళీగా ఉంటుంది. ఆమె ఉత్తరం రాసింది, మంచం కింద దాక్కుంది, నవ్వింది, ఇంత చేసినా నోటి మాట ఒక్కటి లేదు. మీ ప్రతిలో కూడా ఇలాగే ఉందో లేదో మీరే సరిచూసుకోండి. సాని వరుసలో మూడు గళ్లు ఖాళీ, పేరు కూడా లేదు. రాముడి వరుస మాత్రం నిండా ఉంటుంది: మాటలు ఉన్నాయి, చేతలు ఉన్నాయి, దెబ్బలు ఉన్నాయి. చదివేటప్పుడు మన దృష్టి భార్యాభర్తల మీదే నిలిచిపోయి ఇతన్ని నవ్వించే పాత్రగా పక్కన పెట్టేస్తాం.

అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఈ పట్టిక నింపి నా దగ్గరకు వచ్చి, “దెబ్బలు తిన్నోని ముచ్చట ఎవ్వలు రాయరేంది మేడమ్?” అని అడిగింది. ఆ సంవత్సరం నేను చదివిన పత్రాలన్నింటిలోకీ మంచిదానికి అదే మొదటి వాక్యం అయింది.

4. రెండు చోట్ల ఆగి, అక్కడి మాటలను దగ్గరగా చదవండి

పత్రానికి ప్రాణం ఈ మెట్టు. కథ మొత్తం మీద అభిప్రాయాలు చల్లడం కంటే రెండు చోట్ల ఆగి, అక్కడున్న మాటలను విప్పి చూపించడం మేలు. నేను చూపించే రెండు చోట్లు ఇవి.

మొదటిది, దెబ్బలు. గోపాలరావు రాముడి వీపు మీద రెండు గుద్దులు గుద్దగానే, కథ చెప్పే గొంతు ఆయన దయగల హృదయుడని మనకు చెబుతుంది. ఆయన వెంటనే కోపం దిగి, పశ్చాత్తాపపడి, రాముడిని తన చేతులతోనే లేపి వీపు నిమురుతాడు. ఈ వరుసను గమనించండి: దెబ్బ, దయ అన్న మాట, నిమరడం. ఇందులో వ్యంగ్యం ఉందని ఒకరు అంటారు, లేదని ఇంకొకరు అంటారు. మీరు ఏ పక్షం తీసుకున్నా దానికి కారణం ఆ వాక్యంలోనే చూపించాలి. నా మటుకు నాకు అక్కడ వ్యంగ్యం ఉంది, ఎందుకంటే ‘దయ’ అన్న మాట దయ చూపిన తర్వాత కాక దెబ్బ పడిన వెంటనే వచ్చింది. అయినా ఆ వ్యంగ్యం గోపాలరావు మీద నవ్వు పుట్టించి ఊరుకుంటుంది, రాముడి వీపు నొప్పి దగ్గర మనల్ని ఆపదు. భర్త మారడం అన్న కథలో పశ్చాత్తాపం భార్య ముందు కాక నౌకరు వీపు మీద అభ్యాసం అయిందన్న సంగతి మీ వాదనకు మొదటి ఆధారం.

రెండోది, రాముడికి మాటలు నేర్పే సన్నివేశం. పంతులుకు బుద్ధి వచ్చింది, ఇక సానుల పాట వినడు, రాత్రులు ఇల్లు కదలడు అని కమలినికి చెప్పి బతిమాలమని గోపాలరావు పాఠం నేర్పుతాడు. రాముడు ఆ పాఠం అప్పజెప్పడు. తాను ఇలా చెబుతానని తన మాట చెబుతాడు: ఆడవాళ్లు యజమాని చెప్పినట్టు విని పడి ఉండాలి, లేకపోతే పెద్ద పంతులులాగే అయ్యగారు కూడా సానిని ఉంచుకుంటారు, పట్నంలోకి బంగారు బొమ్మలాంటి సానిపాప వచ్చింది, పంతులు మనసు మనసులో లేదు. గోపాలరావు కోపంతో లేస్తాడు, రాముడు తప్పించుకుంటాడు, మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది.

పైపైన చూస్తే రాముడి మాట పాతకాలపు పితృస్వామ్యం, గోపాలరావు మాట సంస్కారం. విద్యార్థులు తొంభై పాళ్లు ఇంతటితో ఆగిపోతారు. మళ్లీ చదవండి. ఆ మాటల్లో ఒక ఇంటి రహస్యం బయటపడింది: ఆ ఇంట్లో పెద్దాయన కూడా సానిని ఉంచుకున్నవాడే. సానిని చూసి గోపాలరావు మనసు చెదిరిందన్న నిజం కూడా బయటపడింది. ఉత్తరంలో కమలిని భర్త అబద్ధాల గురించి గౌరవంగా, నిందించకుండా రాసింది, గోపాలరావు తన తప్పును మంచి మాటల్లో చుట్టి పంపాలని చూశాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు ఒక్క రాముడే. స్త్రీలు అణిగి ఉండాలని బోధించే నోటితోనే యజమాని వంశం గుట్టు వచ్చింది. ఈ రెంటినీ విడదీయకుండా కలిపి చెప్పగలిగితే మీ పత్రం సారాంశం స్థాయి దాటినట్టే.

భాష దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగాలి. కమలిని ఉత్తరం గ్రాంథికంలో ఉంది, రాముడి మాట ఉత్తరాంధ్ర మాండలికంలో ఉంది, గోపాలరావు మాట చదువుకున్నవాళ్ల వాడుకలో, ఇంగ్లీషు ముక్కలతో ఉంది. అంటే కమలిని మనకు అందేది చదువు నేర్పిన భాషలో మాత్రమే, ఆమె ఇంట్లో మాట్లాడే భాష మనం వినం. మాండలికం నౌకరు నోట వచ్చినప్పుడు అది నవ్వు కోసమే అనిపించడం మన దగ్గరి విద్యార్థులకు కొత్త కాదు. మన మాటను సినిమాలు చాలాకాలం అలాగే వాడాయి. ఈ అనుభవం మీకు ఆ సన్నివేశాన్ని గుర్తించడానికి పనికొస్తుంది, కానీ దాన్నే ఆధారంగా రాయకండి. రాముడిది పాలమూరు భాష కాదు, విజయనగరం వైపు భాష. అక్కడి మాటలకు అర్థాలు నిఘంటువులో, మాండలిక పదకోశాల్లో చూసి రాయండి.

5. సిద్ధాంతం నుంచి ఒక్క భావనను తెచ్చుకోండి

ఈ ప్రశ్నకు పార్థ ఛటర్జీ 1989లో, కుంకుమ్ సంగారి, సుదేశ్ వైద్ సంపాదకత్వంలో వచ్చిన ‘రీకాస్టింగ్ వుమెన్’ అనే సంకలనంలో రాసిన వ్యాసం సరిపోతుంది. అందులో మీకు కావలసినది ఇంతే: పందొమ్మిదో శతాబ్దపు జాతీయవాద ఆలోచన లోకాన్ని బయట, ఇల్లు అని రెండుగా విడదీసింది. బయట ఆంగ్లేయుడిది పైచేయి అని ఒప్పుకుని, ఇంటిని తనదిగా కాపాడుకోవాలనుకుంది. ఆ ఇంటికి గుర్తుగా చదువుకున్న, మర్యాద తెలిసిన ‘కొత్త స్త్రీ’ని నిలబెట్టింది. ఈ కొత్త స్త్రీ ఎవరో తెలియాలంటే ఆమె ఎవరు కాదో చెప్పాలి: ఒకవైపు దొరసాని కాదు, ఇంకోవైపు పనిమనిషి, వేశ్య వంటి ‘మామూలు’ స్త్రీ కాదు.

ఇప్పుడు ఈ భావనను పట్టిక మీద పరచండి. కమలిని కొత్త స్త్రీ. ఆమెను కొత్త స్త్రీగా నిలబెట్టడానికి కథకు సాని కావాలి, కానీ కనబడకుండా, పేరు లేకుండా కావాలి. మద్రాసు రాజధానిలో 1890ల నుంచి సాగిన యాంటీనాచ్ ఉద్యమం ఇక్కడ అక్కరకు వస్తుంది. 1893లో సంఘసంస్కర్తలు భోగం ఆటలకు హాజరు కావద్దని మద్రాసు గవర్నరుకూ వైస్రాయికీ విజ్ఞప్తి పంపారు. గోపాలరావు మొదట్లోనే తాను యాంటీనాచ్ వాడినై ఉండి పాట సరదాలో పడ్డానని నొచ్చుకుంటాడు. ఆ ఉద్యమంలో పాడే ఆడవాళ్ల జీవనం ఏమైందన్న ప్రశ్న ఎలా అడుగున పడిందో, కథలోనూ అలాగే పడింది. ఇది కథకు బయట నుంచి తెచ్చిన ఆరోపణ కాదు, కథలోని ఒక మాటే మనల్ని అక్కడికి తీసుకువెళ్లింది.

జాగ్రత్త: ఛటర్జీ ఆధారాలు బెంగాల్‌వి. “భారతదేశమంతటా ఇలాగే జరిగింది” అని రాస్తే సెమినార్‌లో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. “బెంగాల్ గురించి ఛటర్జీ చెప్పిన ఈ విభజన ఈ కథలో ఎంతవరకు వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు” అని రాయండి. వర్తించని చోటు ఒకటి ఉంది. ఛటర్జీ కొత్త స్త్రీ ఇంటిని కాపాడుతుంది, కమలిని ఇల్లు వదిలి వెళుతున్నానని బెదిరించి గెలుస్తుంది. బెదిరింపే అయినా, ఇల్లు వదలగలనన్న మాట ఆమె చేతిలోని ఆయుధం. ఈ తేడాకు ఒక పేరా పూర్తిగా ఇవ్వండి, పత్రంలో మీ సొంత ఆలోచన కనబడేది అక్కడే.

6. ప్రతిపాదన వాక్యం రాయండి

ఇంతవరకు వచ్చాకే ప్రతిపాదన రాయాలి, ముందు రాయకూడదు. సరిగా లేనిది ఇలా ఉంటుంది: “దిద్దుబాటు కథలో గురజాడ స్త్రీ విద్య గొప్పతనాన్ని చాటిచెప్పారు.” దీన్ని ఎవరూ కాదనరు, కాబట్టి దీనికి పత్రం అక్కరలేదు. సరైనది ఇలా ఉండవచ్చు: “దిద్దుబాటు కథ చదువుకున్న భార్య ద్వారా భర్తను దిద్దుతుంది, కానీ ఆ దిద్దుబాటు సాగడానికి నౌకరు దెబ్బలనూ, సాని అదృశ్యాన్నీ వాడుకుంటుంది, అయినా నౌకరు నోటనే యజమాని ఇంటి నిజాన్ని పలికించి, తాను కట్టిన ఆదర్శ దాంపత్యాన్ని తానే కొంత కదిలిస్తుంది.”

ఈ వాక్యంలో ‘కానీ’, ‘అయినా’ రెండూ ఉన్నాయని గమనించండి. మొదటిది లేకపోతే పొగడ్త మిగులుతుంది, రెండోది లేకపోతే నేరారోపణ మిగులుతుంది. నేరారోపణగా మిగిలిపోవడం మన విద్యార్థుల్లో ఎక్కువ కనిపించే తప్పు. దృక్పథం చేతికి రాగానే కథను దోషిగా బోనులో నిలబెట్టేస్తారు.

7. పత్రం అమరిక

పన్నెండు పేజీల పత్రం అనుకుంటే, మొదటి పేజీలో ప్రశ్న, ప్రతిపాదన, ఆరు వాక్యాల సారాంశం రావాలి. తర్వాత ఛటర్జీ భావనకు ఒక పేజీ మించకూడదు. దెబ్బల సన్నివేశానికి రెండు పేజీలు, మాటలు నేర్పే సన్నివేశానికి మూడు, సాని ఖాళీ గడికీ యాంటీనాచ్‌కూ రెండు, భావన వర్తించని చోటుకు ఒకటిన్నర. మిగిలింది ముగింపు. ప్రతి పేరాలోనూ కథలోని మాట ఒకటి ఉటంకింపుగా ఉండాలి, ఉటంకింపు తర్వాత దాని గురించి కనీసం మూడు వాక్యాలు మీవి ఉండాలి. ఉటంకింపుతో పేరా ముగించకండి, అక్కడ వాదన తెగిపోతుంది.

ఇంకో మార్గం: వలసానంతర దృక్పథం ఎంచుకుంటే

ఇదే కథకు మీరు వలసానంతర దృక్పథం పెట్టదలచుకుంటే ప్రశ్న మారాలి, ఆగే చోటు కూడా మారాలి. ఆగవలసింది గోపాలరావు స్త్రీవిద్య గురించి రాముడికి చెప్పే చోట. ఆడవాళ్లకు చదువెందుకన్నట్టు రాముడు మాట్లాడితే, గోపాలరావు శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడని, ఇంగ్లీషువాడు భార్యను ‘బెటర్ హాఫ్’ అంటాడని రెండు రుజువులు చూపుతాడు. సంస్కరణకు ఒకేసారి పురాణమూ కావలసి వచ్చింది, ఇంగ్లీషువాడి మాటా కావలసి వచ్చింది. ఎవరి మాటకు ఎంత అధికారం ఉంది, అర్ధనారీశ్వరుడికి ఇంగ్లీషు మాట ఎలా తూకం అయింది, ఈ రెండూ అర్థం కాని రాముడి ముందే ఆయన వాటిని ఎందుకు ప్రదర్శించాడు, ఇవి మీ ప్రశ్నలు. రెండు దృక్పథాలనూ ఒకే పత్రంలో సమానంగా నడపకండి, పన్నెండు పేజీల్లో రెండూ అరకొరగా మిగులుతాయి.

మన ప్రాంతపు కథను ఎంచుకునేవారికి ఒక హెచ్చరిక. గురజాడ విజయనగరం బ్రిటిష్ మద్రాసు రాజధానిలో ఉండేది. నల్లగొండ, పాలమూరు 1948 దాకా నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో ఉన్నాయి. ఇక్కడ బ్రిటిష్ రెసిడెంటు హైదరాబాద్‌లో కూర్చుంటే, ఊళ్లో మనిషి రోజూ ఎదుర్కొన్న అధికారం దొర, పట్వారీ, ఉర్దూ కాగితం. వెట్టి గురించిన కథను తీసుకుని “బ్రిటిష్ వలస పాలన ప్రభావం” అని శీర్షిక పెట్టిన పత్రం ఒకటి నా చేతికి వచ్చింది. ఆ కథలో ఆంగ్లేయుడి జాడ ఎక్కడా లేదు. అలాంటి కథను తీసుకుంటే, అధికారం ఏ భాషలో నడిచింది, తెలుగు మాట్లాడే పాత్ర ఆ భాష ముందు ఏం చేసింది అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. అక్కడ ‘వలస’ అన్న మాట సరిపోతుందా లేదా అన్నదే మీ పత్రానికి విషయం కావచ్చు.

8. ఇచ్చేముందు సరిచూసుకోవడం

మొదటి పరీక్ష: మీ పత్రంలో ఏదైనా ఒక పేరా తీసుకుని, కథ పేరు, పాత్రల పేర్లు కొట్టేసి వేరే కథ పేర్లు పెట్టండి. పేరా చెక్కుచెదరకుండా నిలబడితే, ఆ పేరా ఏ కథ గురించీ కాదు. దాన్ని తీసేయండి, లేదా కథలోని మాట చేర్చి మళ్లీ రాయండి.

రెండో పరీక్ష: ‘పితృస్వామ్యం’, ‘కర్తృత్వం’, ‘అన్యీకరణ’ వంటి మాటలను పెన్సిల్‌తో చుట్టి, అవి లేకుండా వాక్యం చదవండి. అర్థం అలాగే ఉంటే ఆ మాట అలంకారం, తీసేయవచ్చు. అర్థం చెదిరిపోతే రెండు సంగతుల్లో ఒకటి జరిగి ఉంటుంది: ఆ మాట నిజంగా పని చేస్తోంది, లేదా ఆ మాట వెనక మీరు ఆలోచనను దాచిపెట్టారు. ఏదో తెలుసుకోవడానికి ఆ మాట అర్థాన్ని మీ ఇంట్లో చదువుకోని పెద్దవాళ్లకు చెప్పినట్టు ఒక వాక్యంలో రాయండి. రాయలేకపోతే రెండోదే జరిగింది.

మూడో పరీక్ష: మీ ప్రతిపాదనకు ఎదురు నిలిచే ఆధారం కథలో ఏముందో వెతకండి. మన వాదనకు ఎదురు చివరి నవ్వు. కమలిని మాట్లాడకపోయినా అందరి మాటలూ విన్నది ఆమె ఒక్కతే, రాముడు చెప్పిన పెద్ద పంతులు గుట్టు కూడా విన్నది. అన్నీ తెలిసి నవ్వినవాళ్లను నోరు లేనివాళ్లు అనగలమా? అయితే ఆ చివరి వాక్యంలో ఆ నవ్వుకూ గాజుల చప్పుడుకూ కథ చెప్పే గొంతు వేసిన విశేషణాలు చూడండి: అమృతం, మనోహరం. అవి వినే మగవాడికి కలిగిన హాయి గురించి చెబుతాయి, నవ్విన ఆమె మనసులో ఏముందో చెప్పవు. ఈ రెండు వైపులా రాయండి. ఎదురు ఆధారాన్ని దాచిపెట్టిన పత్రాన్ని ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు దానితోనే పట్టుకుంటారు.

చదవడానికి పదిహేను నిమిషాలు ఇస్తే పన్నెండు పేజీలు చదవలేరు, ఆరుకు మించి సాగవు. కుదించేటప్పుడు ఛటర్జీ పేజీని రెండు వాక్యాలు చేయండి, 1893 సంగతిని ఒక్క వాక్యం చేయండి, రాముడికి మాటలు నేర్పే సన్నివేశంలో మాత్రం ఒక్క పంక్తీ తగ్గించకండి. అక్కడి రాముడి మాటలను కథలో ఉన్న మాండలికంలోనే, నవ్వించే గొంతు పెట్టకుండా, మామూలుగా చదవండి.